మీటరు బద్ద నీడలో చెట్టు ఎత్తు

ఎనిమిదో తరగతి లెక్కల్లో అనులోమానుపాతం దగ్గర ఒక స్తంభం, దాని నీడ తప్పకుండా ఎదురవుతాయి. పదో తరగతిలో సరూప త్రిభుజాల పాఠానికి వచ్చేసరికి అదే స్తంభం మళ్లీ కనిపిస్తుంది. లెక్క చేయడానికి నిమిషం కూడా పట్టదు. అయితే పుస్తకంలోని స్తంభం నిట్టనిలువుగా ఉంటుంది, దానికి కొమ్మలుండవు, నేల చదునుగా ఉంటుంది, సూర్యుడు కదలకుండా నిలబడతాడు. బడి ఆవరణలోని వేప చెట్టు దగ్గరకు మీటరు బద్ద, టేపు పట్టుకుని వెళ్లిన పిల్లలకు ఈ నాలుగింటిలో ఒక్కటీ దొరకదు. ఒకే చెట్టును ఉదయం ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు కొలిస్తే జవాబుల్లో రెండు మీటర్ల తేడా రావచ్చు. గుణకారం, భాగహారం సరిగ్గా చేసినా ఆ తేడా వస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుందో వెతకడమే ఈ ప్రయోగంలో అసలు పని.

ముందు సూత్రం. మీటరు బద్దను ఎండలో నిలువుగా నిలబెడితే దానికి నీడ పడుతుంది. బద్ద పైకొస నుంచి నీడ కొసకు ఒక దారం లాగితే లంబకోణ త్రిభుజం తయారవుతుంది. చెట్టు చిటారు కొమ్మ నుంచి చెట్టు నీడ కొసకు అలాంటి దారమే లాగినట్టు ఊహించుకుంటే మరో త్రిభుజం. ఎండ రెండింటి మీదా ఒకే వాలులో పడుతుంది కాబట్టి రెండు త్రిభుజాలూ ఒకే ఆకారంలో ఉంటాయి, పరిమాణంలోనే తేడా. అంటే బద్ద ఎత్తుకూ బద్ద నీడకూ ఉన్న నిష్పత్తే చెట్టు ఎత్తుకూ చెట్టు నీడకూ ఉంటుంది. బద్ద ఎత్తు సరిగ్గా ఒక మీటరు కావడంతో లెక్క మరీ సులువు: చెట్టు నీడను మీటర్లలో కొలిచి, బద్ద నీడతో భాగిస్తే చెట్టు ఎత్తు వచ్చేస్తుంది.

ఎండ ఒకే వాలులో పడుతుందన్న మాటను పిల్లలు నమ్మాలంటే వీధిదీపం కింద ఒకసారి చూడాలి. అయిదు మీటర్ల ఎత్తున దీపం ఉందనుకుందాం. దాని కింది నుంచి నాలుగు మీటర్ల దూరంలో మీటరు బద్ద నిలబెడితే నీడ ఒక మీటరు పడుతుంది. అదే బద్దను ఎనిమిది మీటర్ల దూరానికి జరిపితే నీడ రెండు మీటర్లవుతుంది. దీపం దగ్గరగా ఉంది కాబట్టి కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి, బద్ద ఎక్కడుందన్నదాన్ని బట్టి నీడ మారుతుంది. ఈ దీపపు నీడ లెక్కను క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఆర్యభటుడు సూత్రంగా ఇచ్చాడు. సూర్యుడు మాత్రం దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి వచ్చే ఎండకు బడి ఆవరణలో ఈ మూల, ఆ మూల అన్న తేడా లేదు. బద్దను చెట్టు పక్కన నిలబెట్టినా ఆటస్థలం అవతలి గట్టున నిలబెట్టినా నీడ ఒకటే. నీడ పద్ధతి నిలబడేది ఈ ఒక్క విషయం మీదే.

నీడలకు మన గణితంలో ప్రత్యేకంగా చోటుంది. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో ఛాయా వ్యవహారం పేరుతో ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.

గ్రీసు దేశపు కథ ఇంకా పాతది. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దిలో థేలీస్ అనే పండితుడు ఈజిప్టు పిరమిడ్ ఎత్తును నీడతో కనుక్కున్నాడని తర్వాతి రచయితలు చెప్పారు. మనిషి నీడ మనిషి ఎత్తుకు సమానమయ్యే వేళ కోసం చూసి, అప్పుడు పిరమిడ్ నీడ కొలిచాడని ఒక కథనం. నీడ కొస దగ్గర కర్ర పాతి రెండు నీడలనూ పోల్చాడని ప్లూటార్క్ కథనం. రెండో కథలోని పద్ధతే ఈనాటి మీటరు బద్ద ప్రయోగం. ఈ కథ చదివేవాళ్లు సాధారణంగా దాటిపోయే చిక్కు ఒకటుంది, చెట్టు కొలిచేవాళ్లకు పనికొచ్చేది అదే. పెద్ద పిరమిడ్ కట్టినప్పటి ఎత్తు దాదాపు 146 మీటర్లు, అడుగున ఒక్కో భుజం దాదాపు 230 మీటర్లు. ఎత్తుతో సమానమైన నీడ పడే వేళ నీడ కొస పిరమిడ్ కేంద్రం నుంచి 146 మీటర్ల దూరంలో ఉంటుంది. కానీ అందులో 115 మీటర్లు కట్టడం కిందే దాగి ఉంటాయి. నీడ ఒక భుజానికి ఎదురుగా పడితే, పిరమిడ్ అంచు నుంచి బయటికి కనబడేది దాదాపు 31 మీటర్ల నీడే. టేపును అంచు దగ్గర పెట్టి కొలిస్తే పిరమిడ్ ఎత్తు 31 మీటర్లని తేలుతుంది! శిఖరానికి సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి కొలవాలి. చెట్టు విషయంలోనూ ఇదే నియమం. టేపు మొదలు పెట్టాల్సింది మాను బెరడు దగ్గర కాదు, చిటారు కొమ్మకు నిట్టనిలువుగా కింద ఉన్న చోట. చెట్టు నిటారుగా ఉంటే ఆ చోటు మాను నడిమధ్యన ఉంటుంది. కోనసీమ కాలువ గట్ల మీద నీళ్ల వైపు వంగిన కొబ్బరి చెట్టయితే మొదలుకు చాలా దూరంగా, కొన్నిసార్లు కాలువలోనే ఉంటుంది. అలాంటి చెట్టును మొదటి ప్రయోగానికి ఎంచుకోకపోవడం మంచిది.

మొదటి ప్రయోగానికి తగిన చెట్టు చాలా బడుల్లో ప్రహరీ వెంట వరుసగా నిలబడి ఉంటుంది. అందరూ అశోక చెట్టని పిలిచే నరమామిడి. మొదట్లో కాస్త వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ మొనదేలి ఉంటుంది. గుబురు పక్కకు విస్తరించదు కాబట్టి నీడ కొస నిజంగా చెట్టు కొసదే అవుతుంది.

ఒక లెక్క వివరంగా చూద్దాం. డిసెంబరు మూడో వారం, హైదరాబాద్, మధ్యాహ్నం పన్నెండుంపావు. ఆ వేళకు సూర్యుడు ఆ రోజుకు అత్యధిక ఎత్తుకు చేరతాడు. అయినా శీతాకాలం కాబట్టి నడినెత్తికి రాడు, దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీటరు బద్దకు ఉత్తరం వైపు 86 సెంటీమీటర్ల నీడ పడుతుంది. నరమామిడి మాను అంచు నుంచి నీడ కొస దాకా టేపుతో కొలిస్తే 7 మీటర్ల 60 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దీనికి మాను మందంలో సగం కలపాలి. మాను చుట్టూ దారం చుట్టి కొలిస్తే 63 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 6.28తో భాగిస్తే 10 సెంటీమీటర్లు. అంటే మొత్తం నీడ 7 మీటర్ల 70 సెంటీమీటర్లు. 7.70ని 0.86తో భాగిస్తే 8.95. కాలిక్యులేటర్ ఇంకా చాలా అంకెలు చూపిస్తుంది గానీ వాటిని రాసుకోకూడదు. ఎందుకో చూడాలంటే బద్ద నీడ కొలవడంలో ఒక్క సెంటీమీటరు తేడా వచ్చిందనుకుని మళ్లీ లెక్క చేస్తే చాలు. 85 సెంటీమీటర్లయితే జవాబు 9.06, 87 అయితే 8.85. బద్ద నీడలో ఒక్క సెంటీమీటరు చెట్టు ఎత్తులో పది సెంటీమీటర్లు అయింది. అదే చెట్టు నీడ కొలవడంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే జవాబు కూడా ఒక సెంటీమీటరు చిల్లరే మారుతుంది.

ఇది పిల్లలు అనుకునేదానికి సరిగ్గా తిరగబడిన సంగతి. పెద్ద నీడను నలుగురు కలిసి, టేపు బిగలాగి, రెండుసార్లు చూసి కొలుస్తారు. చిన్న నీడను ఒకరు వంగి చూసి అంకె చెప్పేస్తారు. జాగ్రత్త అంతా చిన్న నీడ మీదే ఉండాలి. అందుకే దొరికితే బద్దకు బదులు రెండు మీటర్ల వెదురు గడ వాడటం మంచిది. నీడ రెట్టింపవుతుంది, కొలతలో వచ్చే తేడా ప్రభావం సగమవుతుంది. జవాబు రాసేటప్పుడు "తొమ్మిది మీటర్లు, పది సెంటీమీటర్లు అటో ఇటో" అని రాస్తే అది నిజాయితీగల కొలత.

బద్ద నిలువుగా ఉండటం అంతకంటే పెద్ద విషయం. చేత్తో పట్టుకుంటే ఎంత జాగ్రత్తపడ్డా అయిదు డిగ్రీలు వాలుతుంది. చూసేవాళ్లకు అది నిలువుగానే కనిపిస్తుంది, కానీ పైకొస దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. నీడ పడే వైపే వాలితే 86 ఉండాల్సిన నీడ 95 అవుతుంది, అవతలి వైపు వాలితే 77 అవుతుంది. అప్పుడు తొమ్మిది మీటర్ల చెట్టు ఒక జట్టుకు ఎనిమిది మీటర్లుగా, ఇంకో జట్టుకు పది మీటర్లుగా తేలుతుంది. బద్ద పక్కన దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీసి, దారానికీ బద్ద అంచుకూ మధ్య ఖాళీ పై నుంచి కింది దాకా ఒకేలా ఉందో లేదో చూడాలి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. ఇసుక నింపిన బకెట్లో బద్దను గుచ్చితే కదలకుండా నిలబడుతుంది గానీ అప్పుడు బద్ద ఎత్తు మీటరు కాదు. నేల నుంచి దాని పైకొస ఎంత ఎత్తులో ఉందో మళ్లీ కొలిచి, నీడను కూడా బకెట్ అంచు నుంచి కాక బద్దకు సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి కొలవాలి.

నీడ కొస దగ్గర ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. బద్ద నీడ కొస గీత గీసినట్టు ఉంటే, చెట్టు నీడ కొస మసకగా కరిగిపోయినట్టు ఉంటుంది. సూర్యుడు మనకు చుక్కలా కాక అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనిపించడమే దీనికి కారణం. బిళ్లలో కొంత భాగం చెట్టు చాటుకు పోయి, కొంత కనబడే చోట సగం నీడ, సగం ఎండ. తొమ్మిది మీటర్ల చెట్టుకు పైన చెప్పిన వేళ ఈ మసక పట్టీ దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, మీటరు బద్దకు ఒకటిన్నర సెంటీమీటరు. చెట్టు ఎన్ని రెట్లు పెద్దదో మసక కూడా అన్ని రెట్లే పెద్దది కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం. అందుకే రెండు నీడల్లోనూ ఒకే జాగాను పట్టుకుంటే, ఉదాహరణకు మసక పట్టీ నడిమధ్యను, నిష్పత్తి చెడదు. బద్దకు మసక మొదలయ్యే చోటు, చెట్టుకు మసక పూర్తయ్యే చోటు తీసుకుంటేనే చెడుతుంది. నరమామిడి కొన లాంటి సన్నని కొమ్మ నీడయితే అంత ఎత్తు నుంచి నేలకు చేరేలోగా దాదాపు కనబడకుండా పోతుంది. కాబట్టి తొలిసారి కనిపించిన చోట సుద్దతో గీత గీసేయకుండా, నేల మీద తెల్ల కాగితం పరిచి, దాన్ని నీడ కొసకు అవతల నుంచి మెల్లగా లోపలికి జరుపుతూ మొదటి మసక ఎక్కడ పడుతుందో చూడాలి. చిటారు కొమ్మ ఏదో తెలుసుకోవడానికి నీడ కొస దగ్గర నిలబడి తలెత్తి చూడకూడదు. అక్కడి నుంచి కొమ్మ కనబడే దిక్కునే సూర్యుడూ ఉంటాడు, నేరుగా చూస్తే కంటికి హాని.

ఇక వేళ సంగతి. రెండు నీడలనూ ఒకేసారి కొలవాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ "ఒకేసారి" ఎంత కచ్చితంగా ఉండాలన్నది పొద్దును బట్టి మారుతుంది. అదే డిసెంబరు రోజున, హైదరాబాద్‌లో, ఉదయం తొమ్మిదికి మీటరు బద్ద నీడ 194 సెంటీమీటర్లు. తొమ్మిదింపావుకు 173. ఈ పావుగంటలో 12 మీటర్ల చెట్టు నీడ రెండున్నర మీటర్లు వెనక్కి జరుగుతుంది. ముందు చెట్టు నీడ కొలిచి, టేపు చుట్టి, బద్ద తెచ్చి నిలబెట్టేలోగా లెక్క చెడిపోతుంది. అదే పన్నెండుంపావుకు అటూ ఇటూ పావుగంటలో బద్ద నీడ ముప్పావు సెంటీమీటరు కూడా మారదు, 12 మీటర్ల చెట్టు నీడ ఆరేడు సెంటీమీటర్లే మారుతుంది. సూర్యుడు ఎక్కడం ఆపి దిగడం మొదలుపెట్టే వేళ అది. నీడ పొడవు కాసేపు నిలకడగా ఉండి, దిక్కు మాత్రం మారుతుంది. కాబట్టి శీతాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా పిల్లలకు తీరిగ్గా కొలుచుకునే వ్యవధి ఉంటుంది. మిగతా వేళల్లో ఒకరు చెట్టు నీడ కొస దగ్గర, ఒకరు బద్ద నీడ కొస దగ్గర నిలబడి, మూడోవాళ్లు కేక వేయగానే ఇద్దరూ మేకు గుచ్చేయాలి. టేపు తర్వాత నిదానంగా పరుచుకోవచ్చు.

వేసవిలో ఇదే మధ్యాహ్నం పనికిరాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువు బద్దకు నీడే ఉండదు. ఆ రోజుల మధ్యకాలంలో మధ్యాహ్నపు నీడ చాలా పొట్టిగా, ఉత్తరం బదులు దక్షిణం వైపు పడుతుంది. అయిదారు సెంటీమీటర్ల నీడలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే జవాబు అయిదో వంతు, ఆరో వంతు తప్పుతుంది.

ఇప్పుడు వేప చెట్టు దగ్గరకు రావచ్చు. అసలు చిక్కంతా ఇక్కడుంది. వేప, కానుగ, చింత లాంటి చెట్లు పైన గుండ్రంగా గుబురు కడతాయి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గుబురులో చివరి నీడ వేసేది చిటారు కొమ్మ కాదు, దానికి కాస్త కిందగా, సూర్యుడికి అవతలి వైపు భుజంలా పొడుచుకొచ్చిన కొమ్మ. అది నేలకు దగ్గరగా ఉన్నా పక్కకు బాగా ముందుకు ఉండటంతో దాని నీడ చిటారు కొమ్మ నీడను దాటిపోతుంది. పిల్లలు కొలిచేది భుజం నీడను, లెక్క కట్టేది తల ఎత్తును. ఫలితంగా చెట్టు ఉన్నదానికంటే ఎప్పుడూ ఎక్కువ ఎత్తుగానే తేలుతుంది.

ఎంత ఎక్కువ? 11 మీటర్ల ఎత్తున్న వేప చెట్టును ఊహించుకుందాం. దాని గుబురు పై భాగం అర్ధగోళంలా, మాను నుంచి నాలుగు దిక్కులా నాలుగు మీటర్ల మేర విస్తరించి ఉంది. అదే డిసెంబరు రోజున మూడు వేళల్లో మూడు జట్లు కొలిచాయి. ఒంటిగంటన్నరకు బద్ద నీడ సరిగ్గా మీటరు, చెట్టు నీడ 12.66 మీటర్లు, జవాబు 12.66. రెండుముప్పావుకు బద్ద నీడ 1.43 మీటర్లు, చెట్టు నీడ 16.97, జవాబు దాదాపు 11.9. మూడూ నలభైకి బద్ద నీడ 2.14, చెట్టు నీడ 24.47, జవాబు 11.4. ముగ్గురూ సరిగ్గానే కొలిచారు, సరిగ్గానే భాగించారు. అయినా పొద్దు వాలేకొద్దీ చెట్టు పొట్టిదవుతూ వచ్చింది.

ఈ తగ్గుదలే గుర్తుపట్టాల్సిన ఆనవాలు. నిటారు స్తంభాన్ని ఎప్పుడు కొలిచినా ఒకే జవాబు వస్తుంది, కొలత పొరపాట్ల వల్ల కాస్త పైకీ కిందికీ ఊగుతుందంతే. జవాబులు ఊగకుండా, సూర్యుడు దిగేకొద్దీ ఒకే వైపు తగ్గుతూ పోతున్నాయంటే నీడ వేస్తున్నది చిటారు కొమ్మ కాదన్నమాట. ఎండ వాలు తగ్గేకొద్దీ నీడ వేసే చోటు గుబురు భుజం మీది నుంచి మెల్లగా తల వైపు జరుగుతుంది. అందుకే చివరి జవాబు నిజానికి దగ్గరగా ఉంది. అలాగని సాయంత్రం దాకా ఆగితే ఇంకా మెరుగవుతుందని అనుకోకూడదు. నీడ మరీ సాగి గోడల మీదికి, తుప్పల మీదికి పోతుంది, నిమిష నిమిషానికీ మారుతుంది, మసక పట్టీ మీటరు దాటుతుంది. గుబురు చెట్లకు బద్ద నీడ మీటరున్నర నుంచి రెండు మీటర్ల మధ్య ఉండే వేళ అన్ని విధాలా మేలు.

ఈ పొరపాటును సరిదిద్దే ఉపాయం కూడా బద్ద దగ్గరే ఉంది. బద్ద పైకొస నుంచి దాని నీడ కొసకు దారం లాగి ఆ ఏటవాలు పొడవు కొలవాలి. దాన్ని బద్ద నీడతో భాగించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయాలి. మిగిలినదాన్ని గుబురు ఎంత దూరం విస్తరించిందో దానితో గుణిస్తే ఎక్కువ లెక్క వచ్చిన ఎత్తు తెలుస్తుంది. గుబురు విస్తీర్ణం కనుక్కోవడం తేలిక: గుబురు అంచుకు సరిగ్గా కింద నిలబడి మాను దాకా టేపుతో కొలవడమే. ఒంటిగంటన్నర జట్టు దారం 1.41 మీటర్లు, నీడ 1 మీటరు. 1.41 లోంచి ఒకటి తీస్తే 0.41, దాన్ని నాలుగుతో గుణిస్తే 1.64. వాళ్ల 12.66 లోంచి అది తీసేస్తే 11 మీటర్లు. మూడూ నలభై జట్టు దారం 2.36, నీడ 2.14. భాగిస్తే 1.10, ఒకటి తీస్తే 0.10, నాలుగుతో గుణిస్తే 0.4. వాళ్ల 11.4 లోంచి అది తీసేసినా 11 మీటర్లే. మధ్య జట్టు లెక్కను పిల్లలే చేసి చూసుకోవచ్చు. నిజం చెట్టు గుబురు కొలిచి చెక్కిన అర్ధగోళంలా ఉండదు కాబట్టి మూడు జవాబులూ ఇంత చక్కగా కలవవు. కానీ రెండు మీటర్ల తప్పు అర మీటరు లోపుకు వస్తుంది, బడి ప్రయోగానికి అది చాలా పెద్ద మెరుగుదల.

వాలు నేల చూసి చాలామంది భయపడతారు, అంత అవసరం లేదు. చెట్టు నీడ పడే నేల ఒకే వాలులో ఉంటే మీటరు బద్దను కూడా ఆ వాలు మీదే, నీడ దారిలోనే నిలబెట్టి, రెండు నీడలనూ వాలు వెంటే కొలవాలి. రెండు త్రిభుజాలూ ఒకేలా వంకరవుతాయి కాబట్టి నిష్పత్తి అలాగే ఉంటుంది. బద్ద మాత్రం నేలకు లంబంగా కాక దారం, రాయి చూపించే నిలువులో ఉండాలి. చదును నేల మీద బద్ద పెట్టి వాలు మీది చెట్టు నీడతో పోల్చడం, సగం చదునూ సగం గొయ్యీ ఉన్నచోట కొలవడం, ఈ రెండూ కుదరవు.

నీడ గోడ మీదికి ఎక్కిందా? చెట్టు మొదలు నుంచి గోడ దాకా ఉన్న దూరాన్ని బద్ద నీడతో భాగించి, గోడ మీద నీడ ఎంత ఎత్తుకు ఎక్కిందో ఆ ఎత్తును ఉన్నదున్నట్టు కలిపేయాలి. ఆరు మీటర్ల దూరంలో గోడ, బద్ద నీడ 1.2 మీటర్లు, గోడ మీద నీడ 1.5 మీటర్ల దాకా ఎక్కిందంటే, అయిదుకు ఒకటిన్నర కలిపి చెట్టు ఆరున్నర మీటర్లు.

చెట్టు ఎత్తు నిజంగా ఎంతో తెలియకుండా తమ పద్ధతి ఎంత మంచిదో పిల్లలు ఎలా తేల్చుకోవాలి? బడి మేడ పిట్టగోడ ఇందుకు పనికొస్తుంది. పెద్దవాళ్లు పైనుంచి టేపు వదిలితే దాని ఎత్తు నేరుగా తెలుస్తుంది. ఆ అంకె పిల్లలకు చెప్పకుండా, పిట్టగోడ నీడను బద్దతో పోల్చి కొలవమనాలి. పిట్టగోడ నీడ అంచు గీతలా ఉంటుంది కాబట్టి గోడకు లంబంగా కొలిచే నియమం ఒకటి అదనంగా వస్తుంది: బద్ద నీడను కూడా ఆ గోడకు లంబమైన దిక్కులోనే కొలవాలి. జెండా కర్రకయితే ఆ బాధ లేదు. తెలిసిన ఎత్తుకూ తాము కొలిచిన ఎత్తుకూ ఎంత తేడా వచ్చిందో చూస్తే తమ చేతి పనిలో ఎంత నమ్మకముందో తేలుతుంది. మేడ దగ్గర అరమీటరు తప్పిన జట్టు చెట్టు దగ్గర సెంటీమీటర్లలో జవాబు రాయలేదు.

ఈ పద్ధతికి లొంగని చెట్లూ ఉన్నాయి. దట్టమైన అడవిలో ఏ నీడ ఏ చెట్టుదో తెలియదు, నీడ నేలకు చేరేలోగానే పక్క చెట్ల మీద పడిపోతుంది. అందుకే అటవీ సిబ్బంది కోణాలు కొలిచే సాధనాలు, లేజర్ పరికరాలు వాడతారు. కాలిఫోర్నియాలోని హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. 2006లో దాని ఎత్తు 115 మీటర్లు దాటిందని తేల్చడానికి మనుషులు చిటారు దాకా ఎక్కి టేపు కిందికి వదలాల్సి వచ్చింది. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుది దీనికి వ్యతిరేకమైన చిక్కు. అయిదెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రికి నీడ కొస ఎక్కడ వెతికినా దొరికేది అంచున ఉన్న ఏదో కొమ్మ నీడే. నడుమ ఉన్న ఎత్తైన భాగం నీడ మొత్తం చెట్టు కిందే పడిపోతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గరా అంతే. అలాంటి మర్రికి కొలవదగ్గది అది ఆక్రమించిన నేల, అందుకు బద్ద అక్కర్లేదు, పొడవాటి టేపు, అంచు వెంట నడిచే ఓపిక ఉంటే చాలు.